వాడిన తీగలేని హెడ్‌ఫోన్లు, స్పీకర్ల కొనుగోలు (బోరబండ పరిసరాలు)

'''వాడిన తీగలేని శ్రవణ సాధనాలు''' అంటే ఒకరు కొంతకాలం ఉపయోగించి తిరిగి అమ్మే బ్లూటూత్ హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్పీకర్లు. హైదరాబాదులోని [[బోరబండ]], [[ఎర్రగడ్డ]], [[అమీర్‌పేట]], [[పంజాగుట్ట]] ప్రాంతాలలో ఇవి విరివిగా చేతులు మారుతుంటాయి. పాత కుర్చీనో, పాత సైకిలునో కొన్నట్లు పైకి చూసి కొనడానికి వీలులేని వస్తువులివి. వీటి ఆయుష్షును నిర్ణయించే బ్యాటరీ లోపల అతికించి ఉంటుంది. పాత యజమాని ఫోను గుర్తు దీని జ్ఞాపకంలో మిగిలి ఉంటుంది. పైగా ఇవి మరొకరి చెవిలో పెట్టుకున్నవి. కనుక కొనేవారు ముఖ్యంగా మూడు సంగతులు పరిశీలించవలసి ఉంటుంది: బ్యాటరీలో మిగిలిన శక్తి, పాత జతల తొలగింపు, పరిశుభ్రత.

== లభించే చోట్లు ==

బోరబండ ఎం.ఎం.టి.ఎస్. రైలు మార్గంపై ఉన్న నివాస ప్రాంతం. ఇటు మోతీనగర్, ఎర్రగడ్డ, అటు యూసుఫ్‌గూడ దీనికి పొరుగున ఉన్నాయి. ఇక్కడివారికి వాడిన వస్తువులు ప్రధానంగా రెండు దారులలో దొరుకుతాయి. మొదటిది ఎర్రగడ్డలో ఆదివారం జరిగే పాత వస్తువుల సంత. ఇక్కడ వస్తువులను నేలమీద పరచి అమ్ముతారు. రశీదు ఉండదు, డబ్బా ఉండదు, వచ్చే వారం అదే అమ్మకందారు అదే చోట ఉంటాడన్న భరోసా కూడా ఉండదు. రెండవది అమీర్‌పేట హాస్టళ్లు. కంప్యూటరు కోర్సుల కోసం వచ్చిన విద్యార్థులు కోర్సు ముగిసి ఊరికో, ఉద్యోగానికో వెళ్లేటప్పుడు సామాను అమ్ముకుంటారు. ఇలాంటి అమ్మకాలు ఓ.ఎల్.ఎక్స్. వంటి చోట్ల ప్రకటనల ద్వారా గానీ, నోటిమాటగా గానీ జరుగుతాయి.

ఈ రెండింటిలో హాస్టలు దారి మేలు. ధర కాస్త ఎక్కువైనా, అక్కడ పాత యజమాని తన ఫోనుతో సహా ఎదురుగా ఉంటాడు. ఆ ఫోను ఎందుకు అవసరమో ఈ వ్యాసంలో ముందు ముందు తెలుస్తుంది. సంతలో ఎంత మంచి వస్తువు దొరికినా ఆ సౌలభ్యం మాత్రం దొరకదు.

== బ్యాటరీ ==

ఈ సాధనాలన్నిటిలోనూ ఉండేది లిథియం-అయాన్ బ్యాటరీ. ఇయర్‌బడ్‌లో బొత్తాం అంత చిన్న ఘటం ఉంటుంది. దాని సామర్థ్యం సాధారణంగా 30 నుండి 60 మిల్లీ ఆంపియర్-అవర్ల మధ్య ఉంటుంది. ఒక మామూలు సెల్‌ఫోను బ్యాటరీలో ఇది నూరవ వంతు మాత్రమే. ఇంత చిన్న ఘటం ఒకటి రెండు రోజులకోసారి పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. సుమారు 300 నుండి 500 సార్లు అలా నిండి ఖాళీ అయ్యేసరికి మొదటి సామర్థ్యంలో ఐదవ వంతు తరిగిపోవడం సహజం. వాడకుండా సొరుగులో పడి ఉన్నా వయసు వలన కొంత తరుగుతుంది, వేడిలో ఉంచితే మరింత త్వరగా తరుగుతుంది. అందుచేత "ఎక్కువ వాడలేదు" అన్న మాటకు విలువ పరిమితమే. తయారై ఎన్నేళ్లయిందన్నది కూడా అడగాలి.

ఫోన్లలో, లాప్‌టాప్‌లలో ఉన్నట్లుగా బ్యాటరీ ఆరోగ్యం ఇంత శాతం అని చూపే పట్టిక అత్యధిక హెడ్‌ఫోన్లలో లేదు. ఫోను తెరపై కనిపించే శాతం ప్రస్తుతం ఎంత ఛార్జి ఉందో మాత్రమే చెబుతుంది. అరిగిపోయిన బ్యాటరీ నిండినా 100 శాతమే, కొత్త బ్యాటరీ నిండినా 100 శాతమే. చిన్న కుండ నిండినా నిండుకుండే కదా. కనుక తెలుసుకునే మార్గం ఒక్కటే: నింపి, మోగించి, గడియారం చూడటం.

=== కాలపరీక్ష ===

తయారీదారు చెప్పే గంటలు సాధారణంగా సగం ధ్వనితో, బయటి శబ్దాన్ని అణచే ఏ.ఎన్.సి. సదుపాయాన్ని ఆపివేసి కొలిచినవి. పరీక్ష కూడా అలాగే చేయాలి. ఏ.ఎన్.సి. పనిచేస్తుండగా పరీక్షించి, అది లేనప్పటి అంకెతో పోల్చితే మంచి బ్యాటరీ కూడా చెడ్డదిగా కనబడుతుంది.

ఉదాహరణకు, అమీర్‌పేట హాస్టలులోని ఒక విద్యార్థి వద్ద రెండేళ్లు దాటిన ఇయర్‌బడ్స్ ఉన్నాయనుకుందాం. ఏ.ఎన్.సి. లేకుండా 6 గంటలు మోగుతాయని వాటి డబ్బాపై ఉంది. రెండింటినీ 100 శాతం నింపి, సగం ధ్వనితో పాటలు మొదలుపెట్టారు. ఒక గంట తరువాత ఫోను తెరపై ఎడమది 80, కుడిది 60 శాతం చూపాయి. గంటలో 40 శాతం తగ్గిందంటే కుడిది మొత్తం రెండున్నర గంటలు మాత్రమే వస్తుందని అంచనా. పరీక్షను చివరిదాకా కొనసాగించగా కుడిది 2 గంటల 25 నిమిషాలకు ఆగిపోయింది, ఎడమది 4 గంటల 20 నిమిషాలు మోగింది. 6 గంటలు అంటే 360 నిమిషాలు. కుడిది 145 నిమిషాలు, అనగా సుమారు 40 శాతం. ఎడమది 260 నిమిషాలు, అనగా సుమారు 72 శాతం.

ఈ లెక్కలో గమనించదగ్గ విషయాలు రెండున్నాయి. మొదటిది, గంట తరువాత ఎడమది చూపిన 80 శాతం. కొత్త ఇయర్‌బడ్ కూడా గంటకు 17 శాతం ఖర్చు చేసి తెరపై 90 గానీ 80 గానీ చూపుతుంది. అనేక సాధనాలు తమ ఛార్జిని ఫోనుకు పదేసి శాతాల మెట్లలోనే తెలియజేస్తాయి. కాబట్టి గంట పరీక్ష బాగా చెడిపోయిన బ్యాటరీని పట్టిస్తుందే గానీ, ఓ మోస్తరుగా అరిగినదానిని పట్టించలేదు. రెండవది, రెండు చెవుల మధ్య తేడా. ఫోను మాట్లాడటానికి ఎప్పుడూ ఒకే బడ్‌ను వాడే అలవాటు చాలామందికి ఉంటుంది. అలా వాడినది ముందుగా అరుగుతుంది. జత మోగే కాలం ఎప్పుడూ బలహీనమైన దానిదే. ఈ ఉదాహరణలో కొనుగోలుదారు తనకు దక్కేది రెండున్నర గంటలలోపు అనే లెక్కతోనే ధర మాట్లాడాలి, ఎడమదాని నాలుగు గంటలు చూసి కాదు. రోజూ రెండు గంటల ఆన్‌లైన్ తరగతికి నేడది సరిపోవచ్చు, వచ్చే ఏడాదికి సరిపోదు.

పెట్టె విషయంలో ఒక చిక్కు ఉంది. "పెట్టె మూడుసార్లు నింపుతుంది" అన్న మాట నిజమే కావచ్చు. కానీ అరిగిన బడ్ తక్కువ ఛార్జితోనే నిండుతుంది గనుక, పెట్టె కూడా సగం అరిగి ఉన్నా దానిని మూడుసార్లు నింపగలదు. అందుచేత ఎన్నిసార్లు నింపిందన్న లెక్క వలన ఏమీ తేలదు, మొత్తం ఎన్ని గంటలు మోగిందన్నదే లెక్క.

=== సంతలో, తక్కువ వ్యవధిలో ===

నాలుగు గంటలు కూర్చోవడం సంతలో కుదరదు. అక్కడ పావుగంట దొరికితే అదే ఎక్కువ. పావుగంట మోగించినప్పుడు తెరపై శాతం ఒక మెట్టు దిగితే తప్పుపట్టలేము, రెండు మెట్లు దిగితే వదిలివేయడం మంచిది. పూర్తిగా ఖాళీ అయిన వస్తువు పది పదిహేను నిమిషాలలో 100 శాతం నిండిందంటే అది సంతోషించవలసిన విషయం కాదు, లోపల పట్టే చోటు తగ్గిపోయిందని అర్థం. "ఛార్జి లేదు, ఇంటికి వెళ్లి పెట్టుకోండి" అన్నవాటిని అసలు కొనరాదు. నెలల తరబడి పూర్తిగా ఖాళీగా పడి ఉన్న లిథియం ఘటం మళ్లీ ఛార్జి తీసుకోకపోవచ్చు.

స్పీకరుకు వేరొక పరీక్ష ఉంది. మంద్రస్వరాలు, డప్పు దరువులు ఎక్కువగా ఉన్న పాటను పూర్తి ధ్వనితో రెండు మూడు నిమిషాలు మోగించాలి. బ్యాటరీ పాతబడే కొద్దీ దాని అంతర్నిరోధం పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు అడిగినప్పుడు ఓల్టేజి పడిపోయి స్పీకరు ఆగిపోతుంది, లేదా ఆగి మళ్లీ మొదలవుతుంది. తక్కువ ధ్వనిలో అదే స్పీకరు చక్కగా మోగుతూ ఉంటుంది. సంతలో అమ్మకందారు ధ్వని తగ్గించి వినిపించడానికి ఇష్టపడితే కారణం ఇదే కావచ్చు. ఈ పరీక్షను ఛార్జరు తీగ తీసివేసి చేయాలి, తీగ ఉంటే బ్యాటరీ లోపం కనపడదు.

స్పీకరు గానీ పెట్టె గానీ అతుకుల వద్ద విచ్చుకుని, బల్లమీద పెడితే ఊగుతూ ఉంటే లోపలి బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అటువంటి దానిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోరాదు, ఛార్జింగు పెట్టి చూడనూ రాదు.

== పాత జతల తొలగింపు ==

బ్లూటూత్‌లో రెండు సాధనాలు మొదటిసారి జతపడినప్పుడు ఒక రహస్య సంఖ్యను తయారు చేసుకుని, రెండూ దాచుకుంటాయి. దీనిని లింక్ కీ అంటారు. తరువాత అవి దగ్గరకు రాగానే ఏమీ అడగకుండా కలిసిపోవడానికి కారణం ఇదే. ఒక హెడ్‌ఫోను సాధారణంగా ఒకటికి మించి ఫోన్లను ఇలా గుర్తుంచుకుంటుంది. పాత యజమాని ఫోను, అతని లాప్‌టాప్, గదిలోని మిత్రుని ఫోను అన్నీ ఆ జాబితాలో ఉండవచ్చు.

ఈ జాబితా చెరిపివేయకపోతే కలిగే ఇబ్బంది హాస్టళ్లలో, గోడలు ఆనుకుని ఉన్న ఇళ్లలో వెంటనే బయటపడుతుంది. బ్లూటూత్ సుమారు 10 మీటర్ల దూరం పనిచేస్తుంది. అమ్మినవారు పక్క గదిలోనో, పై అంతస్తులోనో ఉంటే, కొన్నవారి స్పీకరు తెల్లవారుజామున వారి ఫోనుకు కలిసిపోయి వారి అలారం మోగించగలదు. వారికి వచ్చిన ఫోను సంభాషణ ఇక్కడ వినబడగలదు.

కొందరు అమ్మకందారులు తమ ఫోనులో Forget This Device నొక్కి "తీసేశాను" అంటారు. అది ఆ ఒక్క ఫోనులోని రహస్య సంఖ్యను మాత్రమే చెరుపుతుంది. లాప్‌టాప్‌లోనిది, మిత్రుని ఫోనులోనిది అలాగే ఉంటాయి. సాధనంలో ఉన్న జాబితా మొత్తం పోవాలంటే సాధనాన్నే తయారీ స్థితికి తేవాలి. దీనిని వ్యవహారంలో ఫ్యాక్టరీ రీసెట్ అంటారు. పద్ధతి ఒక్కో నమూనాకు ఒక్కో విధంగా ఉంటుంది:

* సోనీ డబ్ల్యు.హెచ్-1000ఎక్స్.ఎం.4 హెడ్‌ఫోనులో ఛార్జరు తీగ తీసి, హెడ్‌ఫోను ఆపివేసి, పవర్ బొత్తాన్ని, CUSTOM బొత్తాన్ని కలిపి 7 సెకన్లకు పైగా నొక్కి ఉంచాలి. నీలిదీపం నాలుగుసార్లు మెరుస్తుంది.
* జె.బి.ఎల్. ఫ్లిప్ 5 స్పీకరులో, అది పనిచేస్తుండగా ప్లే బొత్తాన్ని, ధ్వని పెంచే + బొత్తాన్ని కలిపి, స్పీకరు ఆగిపోయేవరకు నొక్కి ఉంచాలి.
* యాపిల్ ఎయిర్‌పాడ్స్‌లో, పెట్టె వెనుక బొత్తాం ఉన్న నమూనాలకు, బడ్స్‌ను పెట్టెలో ఉంచి మూత తెరచి, ఆ బొత్తాన్ని 15 సెకన్ల పాటు నొక్కాలి. దీపం నారింజ రంగులో మెరిసి, తరువాత తెల్లగా మెరుస్తుంది. బొత్తాం లేని కొత్త నమూనాలకు పద్ధతి వేరు.

రీసెట్ నిజంగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. కొనేవారు తమ ఫోనులో బ్లూటూత్ ఆపివేసి, అమ్మేవారి ఫోనులో బ్లూటూత్ తెరచి ఉంచి, సాధనాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేయాలి. అది తనంతట తాను పాత ఫోనుకు కలిస్తే రీసెట్ కాలేదన్నమాట. ఈ పరీక్ష అమ్మేవారు ఎదురుగా ఉన్నప్పుడే సాధ్యం.

ఇయర్‌బడ్స్ విషయంలో రీసెట్ వలన మరొక మేలు ఉంది. ఒకటి పోగొట్టుకున్నవారు, ఒకటి చెడిపోయినవారు అమ్మిన విడి బడ్స్‌ను కలిపి జతగా అమ్మడం కద్దు. రీసెట్ చేశాక రెండూ ఒకదానినొకటి గుర్తించి ఒకే పేరుతో ఫోనుకు కలవాలి. ఒక చెవిలోనే శబ్దం వచ్చినా, దీపం నారింజ రంగులోనే మెరుస్తున్నా, అది అతుకుల జత అని అనుమానించవచ్చు.

=== ఖాతాతో ముడిపడినవి ===

రీసెట్‌తో తీరని చిక్కు ఒకటుంది. కొత్త తరం ఎయిర్‌పాడ్స్ పాత యజమాని యాపిల్ ఖాతాకు ముడిపడి ఉంటాయి. బొత్తాం ఎంతసేపు నొక్కినా ఈ ముడి వీడదు. కొత్తవారి ఐఫోనుకు కలిపినప్పుడు అవి మరొకరి ఖాతాకు చెందినవని తెరపై వస్తుంది. ముడి విప్పగలిగినది పాత యజమాని ఒక్కరే: తన ఫోనులోని Find My అనువర్తనంలో ఆ సాధనాన్ని ఎంచుకుని తొలగించాలి. అంతవరకు అది ఎక్కడుందో ఆయన పటంలో చూడగలిగే అవకాశం కూడా ఉంటుంది. అనగా కొన్నవారి ఇల్లు, కళాశాల, రాకపోకలు మరొకరికి తెలియవచ్చు. ముఖ్యంగా అపరిచితుల వద్ద కొనే విద్యార్థినులు ఈ తొలగింపు తమ కళ్లెదుట జరిగేదాకా డబ్బు ఇవ్వకపోవడం ఉత్తమం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫాస్ట్ పెయిర్ ద్వారా కలిసే సాధనాలు గూగుల్ ఖాతాలో నమోదవుతాయి గనుక, అక్కడి నుండి కూడా తీసివేయించాలి.

సంతలో కొన్న ఎయిర్‌పాడ్స్ ఇలా ముడిపడి ఉన్నాయంటే, యజమాని ఇష్టపడి అమ్మినవి కాకపోవచ్చునన్న అనుమానానికి అది బలమైన ఆధారం. సెల్‌ఫోనుకు ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉంటుంది గనుక, పోయినదా కాదా అని ప్రభుత్వ సి.ఇ.ఐ.ఆర్. వ్యవస్థలో చూడవచ్చు. హెడ్‌ఫోన్లకు ఆ సంఖ్య లేదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న [[భారతీయ న్యాయ సంహిత]] 317వ సెక్షను ప్రకారం, దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ దురుద్దేశంతో తీసుకోవడం నేరం. అసలు రశీదు లేదా డబ్బా అడిగి, దానిపై ఉన్న క్రమసంఖ్యను వస్తువుపై ఉన్నదానితో పోల్చుకోవడం ఇందుకే.

=== రీసెట్ చేసినా తీరనివి ===

చవక స్పీకర్లలో కొన్నింటికి అసలు రీసెట్ సదుపాయమే ఉండదు. అవి ఆన్ చేసిన వెంటనే, ఏ ఫోనూ కలవకపోతే, ఎవరు అడిగినా కలిసిపోతాయి. రహస్య సంకేతమేదీ అడగవు. పక్కింటివారి పాట వినిపిస్తే అది పాత యజమాని పని కాకపోవచ్చు, ఆ స్పీకరు తీరే అంత. దీనికి మందు లేదు, తమ ఫోనును ముందుగా కలుపుకోవడమే మార్గం.

పాత సాధనాలలో సాఫ్ట్‌వేరు కూడా పాతదే ఉంటుంది. 2025 జూన్‌లో జర్మనీకి చెందిన ఈ.ఆర్.ఎన్.డబ్ల్యు. సంస్థ పరిశోధకులు, అనేక ప్రసిద్ధ సంస్థల హెడ్‌ఫోన్లలో వాడే ఐరోహా చిప్‌లలో లోపాలున్నాయని వెల్లడించారు. బ్లూటూత్ అందే దూరంలో ఉన్నవారు, జతపరచకుండానే ఆ హెడ్‌ఫోన్ల జ్ఞాపకాన్ని చదవగలరని వారు చూపారు. ఇటువంటి లోపాలను సంస్థలు కొత్త సాఫ్ట్‌వేరుతో సరిచేస్తాయి. కనుక రీసెట్ అయిన తరువాత తయారీదారు అనువర్తనాన్ని ఫోనులో పెట్టుకుని, నవీకరణ ఉంటే చేసుకోవాలి. అటువంటి అనువర్తనమే లేని సాధనం ఎలా వచ్చిందో అలాగే ఉండిపోతుంది.

== పరిశుభ్రత ==

ఇయర్‌బడ్ చెవి కాలువలోకి వెళుతుంది. దాని చివర ఉన్న సన్నని జాలిలో పాత యజమాని గుబిలి గట్టిపడి ఉంటుంది. ఇది రోతగా ఉండటమే కాక, వినికిడికీ అడ్డు. ఒక చెవిలో ధ్వని తక్కువగా ఉంటే స్పీకరు పోయిందని చాలామంది అనుకుంటారు, కానీ అనేకసార్లు జాలి పూడుకుపోవడమే కారణం. బేరం చేసేవారికి ఇది ఉపయోగపడే సంగతే: ధర తగ్గించి కొన్న "పోయిన" బడ్ శుభ్రం చేస్తే బాగుపడవచ్చు. అయితే అది ఆశ మాత్రమే.

శుభ్రపరచేటప్పుడు జాలి నేలవైపు ఉండేట్లు పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తని పళ్ల బ్రష్షుతో నెమ్మదిగా రుద్దాలి. జాలి పైకి ఉంటే రాలిన గుబిలి లోపలికే పోతుంది. సూది, పిన్నీసు వాడితే జాలి చిరిగి, మురికి స్పీకరు పొరపై పడుతుంది. ఆ తరువాత చేయగలిగింది లేదు. నీళ్లు, సబ్బు, చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ కూడా జాలి దగ్గరకు రాకూడదు.

రబ్బరులా మెత్తగా ఉండే సిలికాన్ టిప్‌లను కడగడానికి ప్రయాసపడకుండా కొత్తవి వేసుకోవడం మంచిది. బడ్ వెలుపలి ప్లాస్టిక్ భాగాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొద్దిగా తడిపిన బట్టతో తుడవాలి. 70 శాతమే ఎందుకంటే, అందులోని నీరు ఆల్కహాలు త్వరగా ఆరిపోకుండా ఆపి, సూక్ష్మక్రిములపై పనిచేసే వ్యవధి ఇస్తుంది. 99 శాతం ఆల్కహాలు తుడవగానే ఆవిరైపోతుంది. పెట్టెలో బడ్స్ కూర్చునే చోట ఉన్న లోహపు మొనలు చెమటకు నల్లబడి గానీ పచ్చబడి గానీ ఉంటే, అదే ఆల్కహాలులో ముంచి పిండిన దూది పుల్లతో తుడవాలి. ఒక బడ్ ఛార్జి కావడం లేదన్న ఫిర్యాదు కొన్నిసార్లు దీనితోనే తీరుతుంది. బ్యాటరీ పోయిందని తేల్చే ముందు ఇది చేసి చూడాలి.

తలమీదుగా పెట్టుకునే హెడ్‌ఫోన్ల కుషన్లపై ఆల్కహాలు వాడరాదు, కృత్రిమ తోలు పగిలి పొట్టు రాలుతుంది. దాని లోపలి స్పాంజి సంవత్సరాల చెమటను పీల్చుకుని ఉంటుంది, దానిని కడిగి ఆరబెట్టడం సాధ్యం కాదు. కుషన్లు విడిగా దొరికే నమూనా అయితేనే వాడినది కొనడం సబబు, వాటి ధరను కూడా బేరంలో కలుపుకోవాలి. ఎండలో పెట్టి శుభ్రమవుతుందనుకోవడం పొరపాటు. హైదరాబాదు వేసవి ఎండలో బ్యాటరీకి జరిగే నష్టమే ఎక్కువ.

వానాకాలపు తేమలో చెవి కాలువకు బూజు సోకడం, వాపు రావడం మామూలు. బడ్స్ గాలి ఆడకుండా మూసి ఉంచడం వలన ఇది అధికమవుతుంది. కొన్న కొద్దిరోజులకే చెవిలో దురద, నొప్పి, చీము లేదా తడి కనిపిస్తే వాడకం ఆపి వైద్యునికి చూపించుకోవాలి. కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రత్యేకించినది. ఇప్పటికే చెవిపోటు ఉన్నవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు ఇతరులు వాడిన ఇయర్‌బడ్స్ అసలు కొనకుండా, చెవిపై ఆనే హెడ్‌ఫోనో స్పీకరో ఎంచుకోవడం మేలు.

== పనికిరానివి ==

పరీక్షలో తప్పిన వస్తువును, ముఖ్యంగా బ్యాటరీ ఉబ్బినదానిని, ఇంటి చెత్తలో వేయరాదు. చెత్త బండిలో నలిగితే లిథియం బ్యాటరీ అంటుకుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఇటువంటి వాటిని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. సంస్థ సేవాకేంద్రంలో గానీ, గుర్తింపు పొందిన ఈ-వ్యర్థాల సేకరణదారుకు గానీ అప్పగించాలి. అంతవరకు దానిని ఛార్జి చేయకుండా, మండే వస్తువులకు దూరంగా, పొడి ఇసుక ఉన్న లోహపు డబ్బాలో ఉంచవచ్చు.